నాలుగు గంటల తొమ్మిది నిమిషాలు

మా సైన్సు మాస్టారి దగ్గర ఒక పొడుగాటి రేకు గొట్టం ఉండేది. డిగ్రీ సర్టిఫికెట్లు చుట్టి దాచుకునే రకం, మూత దగ్గర తుప్పు పట్టి ఉండేది. ఏడాదికి ఒక్కసారే దాన్ని బడికి తెచ్చేవారు. తెచ్చిన రోజు పుస్తకాలు తియ్యమనేవారు కాదు. ఆయన తరగతిలోకి అడుగు పెట్టక ముందే పై తరగతి వాళ్ళు కిటికీల దగ్గర మూగేవాళ్ళు, ముందటేడు విన్నదే మళ్ళీ వినడానికి.

మాది దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చాక కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే దాకా ఉన్న ఆ మధ్య నేల. మా ఊరు నాగాయలంకకు సైకిలు మీద పోయేంత దూరం. ఆ గొట్టం బయటికి వచ్చేది నవంబరు 19న. ఆ తేదీ ఎందుకో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళకి చెప్పాలి: 1977లో ఆ రోజున, శనివారం నాడు, ఉప్పెన వచ్చింది. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీద పడింది. పది వేల మంది పోయారని లెక్క చెబుతారు గానీ, మా నాయనమ్మ ఆ లెక్క ఒప్పుకునేది కాదు. అప్పటికి నాకు మూడేళ్ళు. నాకేమీ గుర్తు లేదు. నాయనమ్మ తన చీర కొంగుతో నన్ను కొబ్బరిచెట్టుకు కట్టేసిందని విన్నాను, అంతే. ఆ చెట్టు మా పెరట్లో చాలా కాలం ఉంది. దాని కాయలు కొట్టనిచ్చేది కాదు ఆవిడ.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు, 1988లో, నవంబరు 19 మళ్ళీ శనివారమే వచ్చింది. మాస్టారు ఆ సంగతి నల్లబల్ల మీద తేదీ రాస్తూ అన్నారు, అంతకు మించి మాట్లాడలేదు. గొట్టం మూత తీసి, చుట్టను బయటికి లాగి, బల్ల పైన మేకుకి తగిలించారు.

అది ఏదో ఇంగ్లీషు పత్రిక నడిమి పేజీల్లో వచ్చిన రంగుల ఫోటో. చిరిగిపోకుండా పాత పంచె ముక్క మీద మైదా జిగురుతో అతికించి, పైనా కిందా వెదురుబద్దలు కుట్టించారు, బళ్ళో మ్యాపులకి ఉన్నట్టు. నల్లటి చీకట్లో గుండ్రటి నీలం బంతి. దాని మీద తెల్లటి మబ్బుల చారలు. బంతి మీద అడుగు స్కేలు పెడితే ఈ చివర నుంచి ఆ చివరకి సరిగ్గా సరిపోయేది.

ఇప్పుడు ఆ ఫోటో అందరి ఫోన్లలోనూ ఉంది. 1972 డిసెంబరు 7న అపోలో 17లో చంద్రుడి మీదికి వెళ్తున్న ముగ్గురిలో ఒకరు చేతి కెమెరాతో తీసింది. సెర్నన్, ఎవాన్స్, ష్మిట్. తీసింది ఎవరన్నది ముగ్గురూ తేల్చలేదు, అందుకని పేరు ముగ్గురికీ కలిపి వేస్తారు. మాకు మాత్రం అప్పటికి భూమి అంటే సోషల్ బల్ల మీది అట్ట గ్లోబే. దాని మీద దేశానికొక రంగు. మనది పసుపు.

"ఇందులో మన ఊరు చూపించండి" అన్నారు మాస్టారు.

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి వెళ్ళాం. అందరూ నేరుగా బంతి నడిమధ్యకే వేలు పెట్టారు. మన ఇల్లు మధ్యలోనే ఉండాలని ఎవరు నేర్పారో తెలీదు. అక్కడ ఉన్నది ఆఫ్రికా. మడగాస్కర్ దీవి పక్కనే కనపడుతోంది. పైన అరేబియా, ఇసక రంగులో, మబ్బు తునక లేకుండా. అడుగున తెల్లటి గడ్డ, అంటార్కిటికా. ఇండియా ఎక్కడా లేదు. వెనక బెంచీ వాడొకడు "మాస్టారూ, మనం వెనక పక్కకి పోయాం" అన్నాడు. క్లాసంతా నవ్వాం.

"వెనక్కి పోలేదురా, అంచున ఉన్నాం" అని గుండుసూదితో చూపించారు. కుడివైపు పై అంచు దగ్గర, బంతి వంపు తిరిగి చీకట్లోకి జారిపోయే చోట, మబ్బుల కింద మసగ్గా ఒక ముక్క. అదే మన దేశం. వంపులో పడింది కాబట్టి, పక్క నుంచి చూసిన పళ్ళెంలా నొక్కుకుపోయింది. దివిసీమ మొత్తం ఆ సూదిమొన కింద దాక్కుంటుంది అన్నారు.

అప్పుడు నన్ను లేపారు.

"అమ్మాయ్, గడియారం లేకుండా ఈ ఫోటో తీసిన టైము చెప్పగలవా?"

చెప్పలేనన్నాను. చెప్పగలవు అన్నారు. బంతి మొత్తం వెలుగులోనే ఉంది కదా, అంటే సూర్యుడు ఎక్కడున్నాడు? ఫోటో తీసేవాడి వెనక. ముందు వెళ్ళిన వాళ్ళు తీసిన ఫోటోల్లో చాలావాటిలో భూమి కోసిన పుచ్చకాయ ముక్కలా ఉంటుంది, సగం చీకట్లో. వీళ్ళకి నిండుగా దొరికింది. వెనక నుంచి వచ్చే ఎండ ఎక్కడ నిటారుగా పడుతోందో అక్కడ మిట్టమధ్యాహ్నం. డిసెంబరు నెల కాబట్టి ఆ చోటు మకరరేఖకు దగ్గర్లో ఉండాలి. అందుకే అంటార్కిటికా అంతా తెల్లగా మెరుస్తోంది, ఆ నెలలో దానికి రాత్రి లేదు. ఆఫ్రికా దక్షిణ భాగం నడుముకు వేలు పెట్టి, "ఇది సుమారు 20 డిగ్రీల తూర్పు రేఖాంశం అనుకో. మన గడియారం ఏ రేఖాంశం మీద నడుస్తుంది?" అన్నారు.

అది మాకు సోషల్లో బట్టీ. 82½. 82½ లోంచి 20 తీసేస్తే 62½. డిగ్రీకి నాలుగు నిమిషాలు. 250 నిమిషాలు. అక్కడ పన్నెండైతే మనకి నాలుగుంపది.

మాస్టారు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి రెండో లెక్క చదివారు. ఆ రాకెట్టు ఫ్లోరిడాలో బయల్దేరింది అర్ధరాత్రి 12 గంటల 33 నిమిషాలకి. నిజానికి అంతకు ముందే పోవాల్సింది, ఆఖరి అర నిమిషంలో యంత్రం మొరాయించి 2 గంటల 40 నిమిషాలు ఆగింది. బయల్దేరిన 5 గంటల 6 నిమిషాలకి ఫోటో. అంటే అక్కడ తెల్లవారుజాము 5:39. ఆ ఊరి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. కలిపితే సాయంత్రం 4 గంటల 9 నిమిషాలు.

ఒక్క నిమిషం తేడా! ఆ తర్వాత నేను చాలా చదువులు చదివాను, చాలా మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆ ఒక్క నిమిషం ఇచ్చిన ఆనందం మళ్ళీ రాలేదు. (ఆ 20 డిగ్రీలు మాస్టారు చూపుతో వేసిన అంచనా. పైగా డిసెంబరులో సూర్యుడు గడియారం కంటే కొన్ని నిమిషాలు ముందు నడుస్తాడని కాలేజీలో తెలిసింది. కాబట్టి మా లెక్క అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలూ ఉంది. ఆ సంగతి మాస్టారికి ఎప్పుడూ చెప్పలేదు.)

"నాలుగుంపావుకి మన బడి లాంగ్ బెల్లు కదండీ" అన్నాడు ఇందాకటి వెనక బెంచీ వాడే. "అంటే అప్పుడే సంచులు సర్దుకుంటున్నాం అన్నమాట."

"ఆ రోజు ఏ బెల్లూ కొట్టలేదురా" అన్నారు మాస్టారు.

1972 డిసెంబరు. జై ఆంధ్ర ఉద్యమం. తెలంగాణలో ఉద్యోగాలు అక్కడి వాళ్ళకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చాక ఆంధ్ర వైపంతా భగ్గుమంది. బళ్ళకీ కాలేజీలకీ తాళాలు పడ్డాయి. మాస్టారు అప్పుడు కాలేజీ కుర్రాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఆయన రైలు పట్టాల మీద బైఠాయించి ఉన్నారట, మరో యాభై మందితో. రాష్ట్రాన్ని రెండు చేసే గీత గీయమని గొంతు చించుకుని అరుస్తున్నారు. "సరిగ్గా అప్పుడు మన నెత్తి మీంచి ఎవడో ఫోటో తీశాడు. నేను ఇందులో ఉన్నాను. నోరు తెరుచుకుని ఉన్నాను. చూడండి, కనపడతానేమో" అన్నారు. తనను తాను చూసి నవ్వుకున్నట్టే అన్నారు గానీ, ఉద్యమాన్ని వెక్కిరించలేదు. ఆ కుర్రాళ్ళలో తూటాలకి పోయిన వాళ్ళున్నారని కూడా చెప్పారు. (ఆ గీత 2014లో పడింది. ఈసారి అటు వైపు వాళ్ళు అడిగితే. అప్పటికి మాస్టారు లేరు.)

ఇలాంటి చోట ఎవరైనా ఒక మాట అంటారు, అంతరిక్షం నుంచి చూస్తే సరిహద్దులు కనపడవు అని. మా క్లాసులో ఒకమ్మాయి అననే అంది, "గ్లోబు మీద ఉన్న గీతలు ఇందులో లేవు మాస్టారూ." ఆయన మెచ్చుకుంటారనుకున్నాం. మెచ్చుకోలేదు.

"దూరంగా ఉన్నావు కాబట్టి లేవు. ఇంకా దగ్గరికి వస్తే? మీ పొలం గట్టు నాకూ కనపడదు, రోడ్డు మీంచి చూస్తే. గట్టు జరిపితే మీ నాన్న ఊరుకుంటాడా?"

ఆ మాట నాకు 2011లో గుర్తొచ్చింది. ఆ ఏడు అంతరిక్ష కేంద్రం నుంచి రాత్రి పూట తీసిన ఒక ఫోటోలో ఇండియా-పాకిస్తాన్ సరిహద్దు పొడుగునా నారింజ రంగు గీతలా వెలుగుతోంది. కంచె వెంబడి పెట్టిన దీపాలు అవి. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి కనపడే గీత ఇరవై తొమ్మిది వేల కిలోమీటర్ల నుంచి కనపడదు, అంతే తేడా. మాస్టారు ఫోటోని పొగిడేవారు కాదు. అందులో ఏముంది, ఏది లేదు అని చూడడం ఎలాగో చూపించేవారు.

ఆ దూరం ఎంతో కూడా చూపించారు. బంతి వ్యాసం 12,750 కిలోమీటర్లు అనుకుంటే, కెమెరా ఉన్నది దానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ దూరంలో. మన బంతి ఒక అడుగు. కాబట్టి ఫోటోకి రెండడుగుల పైచిలుకు దూరంలో నిలబడమన్నారు నన్ను. చెయ్యి చాపితే వేళ్ళు దాదాపు తగిలేంత. "వాళ్ళు అక్కడున్నారు" అన్నారు. చంద్రుడి దాకా పోయే వాళ్ళు, చెయ్యి చాపేంత దూరంలో ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూశారన్నమాట. చంద్రుణ్ణి ఎక్కడ పెట్టాలో ఒక కుర్రాడితో లెక్క కట్టించారు. ముప్ఫై అడుగులు. గది దాటి వరండా దాటి వాడు వెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డాడు, పిలిచే దాకా అక్కడే ఉన్నాడు పాపం.

తర్వాత గాలి. ఇదే నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న భాగం. మాస్టారు పెన్సిలు చెక్కి, బంతి అంచు వెంబడి సన్నటి గీత గీయబోయి ఆగారు. "ఎంత లావు గీయాలో చెప్పండి. గాలంతా ఈ గీతలో పట్టాలి."

మేం వేలి మందం అన్నాం. ఒకడు స్కేలు మందం అన్నాడు. గాలికి తెగిపోయే హద్దంటూ లేదు, పైకి పోయే కొద్దీ పలచబడిపోతుంది, అయితే నూటికి 99 పాళ్ళు ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉంటుంది అని చెప్పి లెక్క వేయించారు. అడుగు బంతి మీద ముప్ఫై కిలోమీటర్లంటే మిల్లీమీటరు కూడా రాలేదు. ముక్కాలు కంటే కొద్దిగా తక్కువ. చెక్కిన పెన్సిలు మొన గీసే గీత, అంతే. అందులోనూ సగం గాలి అడుగున ఐదున్నర కిలోమీటర్లలోనే కూరుకుని ఉంటుంది. ఆ సగాన్ని గీయడానికి మా దగ్గర పెన్సిలే లేదు.

"మబ్బులు, వాన, గాలివాన, మీ ఊపిరి, నా కేకలు, అన్నీ ఈ గీతలోనే" అన్నారు. "దీనికి పైన ఏముందో ఫోటోలోనే ఉంది చూడండి." నలుపు. ఒక్క చుక్క కూడా లేదు. ఎండలో మెరిసే భూమికి సరిపడేలా కెమెరా కన్ను క్షణం తెరిచి మూస్తే, నక్షత్రాల మసక వెలుగు ఫిల్ము మీద పడదని, అవి లేక కాదని కూడా చెప్పారు. అయినా నాకు ఆ నలుపు వైపు చూడబుద్ధి కాలేదు. మా నాయనమ్మ బావిలోకి తొంగి చూడొద్దనేది, అలా ఉంది.

అప్పటికి క్లాసు సగమైంది. మాస్టారు గుండుసూదిని మళ్ళీ కుడివైపు పై అంచుకి తీసుకెళ్ళారు. మన దేశం అని చూపించిన మసక ముక్క దగ్గరికే. అక్కడ మబ్బు మిగతా మబ్బుల్లా చారగా లేదు. చుట్ట చుట్టుకుని ఉంది. పాలు కాగాక మీగడ ఒక పక్కకి లాగితే ముడుచుకుంటుంది చూడండి, అలా.

"ఇదేంటో ఎవరికైనా తెలుసా?"

మాట్లాడలేదు మేం. దివిసీమ పిల్లలం. తెలియక కాదు.

"ఏ వైపు తిరుగుతోంది?"

కళ్ళు చికిలించి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతోంది. కింద అంటార్కిటికా దగ్గరి సముద్రం మీద ఇంకొన్ని సుడులున్నాయి, అవి గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతున్నాయి. భూమధ్యరేఖకి అటూ ఇటూ సుడి దిక్కు మారుతుందని పాఠంలో చదివాం. రెండు దిక్కులూ ఒకే ఫోటోలో చూడడం మాత్రం అదే.

ఆ సుడి ఏమిటో ఆయన కనిపెట్టిన కథ చెప్పారు. పత్రికలో ఆ ఫోటో కింద తేదీ ఉంది గానీ మబ్బు గురించి ఏమీ లేదు. మొదట్లో అదేదో మామూలు మబ్బనుకున్నారట. ఉప్పెన తర్వాత మళ్ళీ చూస్తే కన్ను అక్కడే ఆగింది. బందరు వెళ్ళి లైబ్రరీలో 1972 డిసెంబరు పాత పేపర్ల కట్ట తీయించి తేదీల వారీగా తిరగేశారు. దుమ్ముకి రెండు రోజులు తుమ్ములట. దొరికింది. ఫోటోకి రెండు రోజుల ముందు తమిళనాడులో కడలూరు దగ్గర తుఫాను తీరం దాటింది. మద్రాసులో వరదలు, ఊళ్ళు మునిగాయి, మనుషులు పోయారు. నేలకెక్కాక దాని బలం తగ్గింది కానీ చుట్టు ఇంకా విడలేదు. విడకుండా ఉన్న ఆ చుట్టే ఫోటోలో పడింది.

"ఆ ముగ్గురికీ ఇది అందమైన బొమ్మ" అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదని కూడా అన్నారు. వాళ్ళలో ష్మిట్ అనే ఆయన రాళ్ళ శాస్త్రం చదివినవాడైనా, దారి పొడుగునా భూమి మీద మబ్బులు ఎక్కడెలా ఉన్నాయో చూసి కిందికి చెబుతూనే ఉన్నాడట. "పై నుంచి చూసేవాడికి మీగడ. కింద ఉన్నవాడికి ఇల్లు పోయింది. రెండూ ఒకే ఫోటో."

ఆ తర్వాత ఆయన అన్న మాట నేను ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను.

"పదకొండేళ్ళ కిందట ఇదే రోజు సొర్లగొంది తుడిచిపెట్టుకుపోయింది. ఆ సాయంత్రం కూడా ఎవరైనా అక్కడి నుంచి ఫోటో తీసి ఉంటే ఇంతే బాగుండేది."

ఆయన అక్క కుటుంబం ఆ ఊళ్ళోనే ఉండేదని మా అందరికీ తెలుసు. ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. కిటికీ దగ్గర మూగిన పదో తరగతి వాళ్ళు కూడా చప్పుడు చెయ్యలేదు. మాస్టారు చాక్‌పీసు ముక్కను వేళ్ళ మధ్య దొర్లిస్తూ కాసేపు బంతి వైపు చూసి, గొంతు సవరించుకుని, టీవీ ఎవరింట్లో ఉంది అని అడిగారు.

ముగ్గురు చేతులెత్తారు. వార్తలయ్యాక వాతావరణం చెప్పేటప్పుడు నలుపు తెలుపులో మబ్బుల బొమ్మ వేస్తారు, చూశారా? ఇన్‌శాట్-1బి. 1983లో ఎగరేసిన మన ఉపగ్రహం. అది భూమధ్యరేఖ మీద ఒకే చోట నిలిచినట్టు ఉండి, భూమితో పాటే తిరుగుతూ, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మన వైపే చూస్తూ ఉంటుంది. అపోలో వాళ్ళు 29 వేల నుంచి చూశారు. "ఇంచుమించు అదే చోటు" అన్నారు. "వాళ్ళు దారిలో పోతూ ఒకసారి చూశారు. ఇది కదలకుండా కూర్చుని రోజూ చూస్తుంది. రంగుల్లేవు, అందం లేదు. కానీ ఆ మీగడ ముడి బంగాళాఖాతంలో పడ్డ రోజునే చెబుతుంది, మూడు నాలుగు రోజుల ముందు." 1977లో మా వైపు రేడియో ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హెచ్చరిక విన్న వాళ్ళకి కూడా గాలివాన అనే తెలుసు, సముద్రం నడిచి వస్తుందని తెలీదు.

అంతలో బెల్లు కొట్టారు. ఫోటో చుట్టి గొట్టంలో పెట్టేశారు. సోమవారం వచ్చి ఆమ్లాలు, క్షారాలు మొదలుపెట్టారు, ఏమీ జరగనట్టు.

ఏడాదిన్నర తర్వాత, 1990 మే మొదటి వారంలో, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా కూర్చునే రోజులు. వార్తల చివర ఆ మబ్బుల బొమ్మలో బంగాళాఖాతం మధ్యన తెల్లటి ముడి. నడుమ చిన్న నల్లటి చుక్క, కన్ను. మరుసటి రోజు ఆ ముడి ఇంకొంచెం మన వైపు జరిగింది. మా నాయనమ్మకి చదువు రాదు, మ్యాపు తెలీదు. ఆ బొమ్మ చూసి మాత్రం లేచి, బియ్యం డబ్బా మీద మూత బిగించింది. "పాలు విరిగినట్టుందే" అంది. నేను మీగడ అనుకున్నదాన్ని.

రెవెన్యూ వాళ్ళు జీపులో మైకు పెట్టుకుని తిరిగారు. లారీలు వచ్చాయి. కదలనని మొండికేసిన ముసలాళ్ళని మోసుకెళ్ళి ఎక్కించారు. మా నాయనమ్మ అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. మమ్మల్ని తీసుకెళ్ళి ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టరులో పెట్టారు, ఎత్తైన స్తంభాల మీది కాంక్రీటు భవనం. అందులో మూడొందల మందిమి, మూడు లాంతర్లు, ఒకటే నీళ్ళ డ్రమ్ము. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. జాబితా పట్టుకుని ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని పేర్లు పిలుస్తున్నారు, అచ్చం బళ్ళో హాజరు పిలిచినట్టు. మా క్లాసు వాళ్ళం కొందరం పొరపాటున "ప్రెజెంట్ సర్" అనేశాం.

మే 9 సాయంత్రం అది బందరుకి దక్షిణాన, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తీరం దాటింది. ఆ రాత్రి గాలి చప్పుడు గురించి నేను రాయను. రాయడానికి నాలుగుసార్లు ప్రయత్నించి మానేశాను. 1977లో వచ్చిన దానితో పోల్చదగ్గ తుఫానే అన్నారు తర్వాత. ఈసారి పోయింది సుమారు వెయ్యి మంది. వెయ్యి మందంటే తక్కువా అంటే, మా ఊళ్ళో ఆ లెక్క అర్థమవుతుంది. పెరట్లో కొబ్బరిచెట్టు పడిపోయింది. కట్టడానికి ఆసారి దాని దగ్గర ఎవరం లేం.

నాలుగు రోజుల తర్వాత బడి చూడ్డానికి వెళ్ళాను. పెంకులన్నీ లేచిపోయాయి. సైన్సు గది బీరువా బోర్లా పడి ఉంది. మాస్టారు లుంగీ ఎగ్గట్టి బురదలో బీకర్లు ఏరుతున్నారు. ఆ మే నెలలో గొట్టం ఇంట్లో ఎందుకు లేదు అంటే, బడికే ఇచ్చేద్దామని ఏప్రిల్లో తెచ్చి బీరువాలో పెట్టారట. తుప్పు పట్టిన మూత లోంచి నీళ్ళు పోయాయి. మైదా జిగురు నాని, కాగితం పంచె ముక్క మీద నుంచి అక్కడక్కడా ఉబ్బి లేచింది. నీలం రంగు చెక్కు చెదరలేదు. మైదాకి మరిగిన బొద్దింకలు మాత్రం ముందే ఆస్ట్రేలియా వైపు అంచు కొరికేశాయి.

వరండాలో రెండు స్తంభాల మధ్య కరెంటు తీగ కట్టి దాన్ని ఆరేశారు. పైబద్దకి ఉన్న పురికొస తెగిపోయింది, అందుకని కిందిబద్ద పట్టుకుని తగిలించారు. భూమి తలకిందులుగా వేలాడుతోంది. అంటార్కిటికా పైన, అరేబియా కింద. మన దేశం ఎడమ వైపు అడుగుకి వచ్చింది. దాని మీంచి నీళ్ళు బొట్లుగా కారుతున్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఆ ఫోటో గురించి చదువుతుంటే తెలిసింది. ఆ ముగ్గురూ తీసిన ఫిల్ములో భూమి అలాగే ఉందట, దక్షిణం పైన. ఓడలో వాళ్ళు ఉన్న తీరుకి అలా పడింది. జనం బెదరకుండా అచ్చు వేసేటప్పుడు తిప్పి వేశారు. 1990 మే నెలలో మా బడి వరండాలో నేను చూసింది, తెలియకుండా, వాళ్ళు చూసినట్టే.

అప్పుడు మాత్రం నేను "తలకిందులుగా ఉంది మాస్టారూ, సరిచెయ్యనా?" అని అడిగాను.

ఆయన బీకరు కడుగుతూ తలెత్తి చూశారు.

"ముందు ఆరనీ అమ్మాయ్" అన్నారు. "ఆ చెయ్యి చీపురు మీద వెయ్యి."